సుర్జిక్: కలిసిపోయిన రెండు భాషలను విడదీయడం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

"నువ్వు దేశాలు తిరిగినవాడివి, ఇంజన్ల గురించి కాకుండా ఇంకేదైనా చెప్పు" అని మన కార్యదర్శిగారు షరతు పెట్టారు. కాబట్టి ఇంజన్ల పని మీద వెళ్లినచోట నా చెవినపడిన ఒక భాష గురించి చెబుతాను. తెలుగు మాస్టార్లు ఇంతమంది ఎదురుగా ఉండగా భాష గురించి మాట్లాడడం సాహసమే. అది మీకు తెలియని భాష కావడం నాకు కాస్త ధైర్యం.

నేను విశాఖపట్నంలో ఓడల గ్యాస్ టర్బైన్ల మరమ్మతు పనిలో చేరాను. మన తూర్పు నౌకాదళంలో ఐ.ఎన్.ఎస్. రాజ్‌పుత్ అనే యుద్ధనౌక ఉండేది. 1980లో నౌకాదళంలో చేరి, 2021లో విశాఖలోనే విరమించింది. ఆ ఓడను కట్టింది నల్లసముద్రానికి దగ్గర్లో ఉన్న మికొలాయివ్ అనే ఊళ్లో. అప్పుడది సోవియట్ యూనియన్, ఇప్పుడు ఉక్రెయిన్. ఆ తరహా ఓడల టర్బైన్లకూ ఆ ఊరే పుట్టిల్లు. ఆ పని మీదే 2004 నుంచి నాలుగేళ్లు అక్కడ ఉన్నాను. రష్యన్ నేర్చుకుని వెళ్లాను. ఫ్యాక్టరీలో దానితో పని గడిచిపోయింది. ఇంటికొస్తే మాత్రం మా ఇంటి యజమానురాలు, డెబ్బైకి దగ్గరపడుతున్న పెద్దావిడ, మాట్లాడేది సగమే అర్థమయ్యేది. అది రష్యన్ కాదు. పోనీ ఉక్రేనియనా అని ఆవిడ మనవరాల్ని అడిగితే నవ్వేసింది. ఆ అమ్మాయి బళ్లో ఉక్రేనియన్ భాష చెప్పే టీచరు. "అది సుర్జిక్" అంది.

సుర్జిక్ అంటే అసలు అర్థం ధాన్యానికి సంబంధించినది. గోధుమల్లో రై గింజలో బార్లీయో కలిసిపోతే ఆ కలగలుపును, దాన్ని ఆడించిన పిండిని సుర్జిక్ అనేవారు. దుగ్గిరాలవాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. మన పసుపు యార్డులో కొమ్ము వేరు, కాయ వేరు, రెండూ కలిసిన రాశి చూడగానే ధర తెగుతుంది. అలాగే ఉక్రేనియన్‌లో రష్యన్ కలిసిన మాటకు ఆ పేరు స్థిరపడింది. పేరులోనే కొంచెం చిన్నచూపు ఉంది.

ఇది ఎలా పుట్టిందో క్లుప్తంగా చెప్పి ముందుకెళతాను. జార్ల కాలంలో ఉక్రెయిన్ పల్లెల్లో మాట్లాడేది ఉక్రేనియన్, కచేరీలో, సైన్యంలో, పట్నంలో నడిచేది రష్యన్. 1876లో జార్ రెండవ అలెగ్జాండర్ ఉక్రేనియన్‌లో పుస్తకాలు అచ్చు వేయడాన్నే దాదాపుగా నిషేధించాడు. పల్లె నుంచి పట్నానికి పనికి వచ్చినవాడు అధికారి భాషను చెవితో పట్టుకుని, తన నాలుకతో పలికాడు. సోవియట్ కాలంలో ఫ్యాక్టరీలు పెరిగేకొద్దీ ఇదీ పెరిగింది. ఎవరూ కావాలని తయారుచేసిన భాష కాదు. బతుకుతెరువు కోసం పుట్టింది.

మీలో చాలామందికి ఇప్పుడొక ఆలోచన వచ్చి ఉంటుంది. మనమూ తెలుగులో ఇంగ్లీషు కలుపుతాం గదా, అదే గదా ఇది అని. పూర్తిగా అది కాదు. తెలుగులో ఇంగ్లీషు మాట బియ్యంలో రాయిలాంటిది, పంటికి తగులుతుంది. ఉక్రేనియన్, రష్యన్ అక్కచెల్లెళ్లు. వేలకొద్దీ మాటలు రెంటికీ ఉమ్మడి. కలిసినా కంటికి ఆనదు. మనకు దగ్గరి పోలిక కావాలంటే హోసూరు వైపు వెళ్లాలి. అక్కడ తెలుగు, తమిళం, కన్నడం ఒకే వీధిలో ఉంటాయి. "అవసరం" అనే మాట చూడండి. మనకు కావలసి ఉండటం. తమిళంలో అదే మాటకు తొందర అని అర్థం. అటువంటి చోట ఒకాయన "అవసరంగా వచ్చాను" అంటే పనిబడి వచ్చాడా, పరుగున వచ్చాడా? మాట తెలుగే, అక్షరం తెలుగే, అర్థం మాత్రం పక్కింటిది కావచ్చు.

సుర్జిక్‌లో ఇలాంటివి అడుగడుగునా ఉంటాయి. "చాస్" అంటే ఉక్రేనియన్‌లో కాలం, రష్యన్‌లో గంట. "నెదీల్యా" అంటే ఉక్రేనియన్‌లో ఆదివారం, ఇంచుమించు అదే మాట రష్యన్‌లో వారం. వారానికి ఉక్రేనియన్ మాట "తిజ్దెన్". ఒక పంపు పక్కన "నూనె నెదీల్యాకి ఒకసారి చూడాలి" అని రాసి ఉందనుకోండి. వారానికొకసారి ఎప్పుడైనా చూడొచ్చా, ఆదివారమే చూడాలా? ఇంజనీరుకి ఇది వ్యాకరణ సమస్య కాదు.

2019లో ఉక్రెయిన్ ప్రభుత్వ భాష చట్టం తెచ్చింది. కార్యాలయాల్లో, బళ్లలో, తర్వాత దుకాణాల్లో కూడా ఉక్రేనియన్ వాడకం తప్పనిసరి అయింది. 2022 యుద్ధం తర్వాత చట్టంతో పని లేకుండానే చాలామంది రష్యన్ మానేశారు. దాంతో సుర్జిక్ మాటను, రాతను శుద్ధమైన ఉక్రేనియన్‌లోకి తేవడం ఇంటింటి పని అయిపోయింది. ఆ పని ఎలా చేస్తారో ఆ టీచరమ్మ పక్కన కూర్చుని కొంత, తర్వాత ఉత్తరాల మీద కొంత నేర్చుకున్నాను. అందులో మూడు సంగతులు చెబుతాను.

మొదటిది క్రియలు. కొత్తవాళ్లు రష్యన్ మాట కనపడగానే తీసేసి ఉక్రేనియన్ మాట పెడతారు. "తర్వాతి" అనడానికి "స్లీదుయుచియ్" అని ఉంటే "నస్తూప్నియ్" అని మారుస్తారు. ఇది తేలిక, జాబితా ఉంటే ఎవరైనా చేస్తారు. కష్టం ఎక్కడంటే, రష్యన్‌లో ఒకే క్రియ ఉన్నచోట ఉక్రేనియన్‌లో నాలుగు ఉంటాయి. రష్యన్‌లో "అత్క్రీత్" అంటే తెరవడం. తలుపైనా, కళ్లయినా, పుస్తకమైనా అదే. ఉక్రేనియన్‌లో తలుపుకి "విద్చినీతి", కళ్లకి "రోజ్‌ప్ల్యూష్చితి", పుస్తకానికి "రోజ్‌హొర్నూతి". "విద్క్రీతి" అనే మాట కూడా ఉంది, బ్యాంకులో ఖాతా తెరవడానికి, కొత్త సంగతి కనిపెట్టడానికి అది వాడతారు. సుర్జిక్ మాట్లాడేవాడు అన్నిటికీ "విద్క్రీతి" అంటాడు. మాట శుద్ధ ఉక్రేనియనే. నిఘంటువులో ఉంది. జాబితా పట్టుకుని వెతికేవాడికి అది ఎప్పటికీ దొరకదు.

ఇది మనకు బాగా అర్థమవుతుంది. మన అమ్మలు గొడుగు విప్పేవారు, మూట విప్పేవారు, తాళం తీసేవారు, డబ్బా మూత తీసేవారు, కళ్లు తెరిచేవారు. ఇప్పుడు గొడుగు ఓపెన్ చేస్తాం, డబ్బా ఓపెన్ చేస్తాం, తాళం కూడా ఓపెన్ చేస్తాం. ఇంగ్లీషు మాట వద్దని దాన్ని తీసేసి అన్నిచోట్లా "తెరువు" అని పెట్టామనుకోండి, "గొడుగు తెరువు" అని వస్తుంది. అందులో ఒక్క ఇంగ్లీషు మాటా లేదు. తెలుగు మాత్రం అయిందా?

నా వృత్తిలో ఇది ఇంకా పదునుగా తగిలేది. పంపు వెయ్యడాన్ని, ఆపడాన్ని ఫ్యాక్టరీలో అందరూ "వ్‌క్ల్యుచీతి", "వీక్ల్యుచితి" అనేవారు. ఉక్రేనియన్‌లో ఈ రెండు మాటలూ ఉన్నాయి. కానీ మొదటిదానికి అర్థం జాబితాలో చేర్చడం, రెండోదానికి జాబితా నుంచి తొలగించడం. బడి నుంచి పిల్లవాణ్ణి తీసేయడానికి వాడేది రెండోదే. యంత్రానికైతే "ఉవిమ్క్నూతి", "వీమ్క్నుతి" అనాలి. "ప్రమాదం జరిగితే రెండో పంపును వీక్ల్యుచితి చేయండి" అని సూచన ఉంటే, శుద్ధ ఉక్రేనియన్ చదివిన కుర్రవాడికి రెండో పంపును లెక్కలోంచి తీసేయమన్నట్టు వినబడే అవకాశం ఉంది. ఆ కుర్రవాడికి మన డెల్టా రైతు మాట తెలిస్తే ఏ గొడవా ఉండకపోను. "మోటారు వెయ్యి, మోటారు కట్టెయ్యి". అంతే.

రెండో సంగతి మాటల మధ్య ఉండే చిన్న ముక్కలు. రష్యన్‌లో "పొ" అని ఒక చిన్న మాట ఉంది. ఫోనులో అనడానికీ, ఫిజిక్సు పాఠం అనడానికీ, సోమవారాల్లో అనడానికీ, జబ్బు వల్ల అనడానికీ అదే. ఉక్రేనియన్‌లో ఇవన్నీ వేర్వేరు. ఫోనులో చెప్పాడు అంటే ముందు ఏ ముక్కా ఉండదు, మాట చివరే మారుతుంది, "తెలెఫోనొమ్". జబ్బు వల్ల అంటే "చేరెజ్". ప్రతి సోమవారం అనడానికి ఏకంగా ఒకే పదం, "ష్చొపొనెదీల్కా". సుర్జిక్‌లో అన్నిచోట్లా "పొ" కూర్చుంటుంది. మన పత్రికల తెలుగులో "ద్వారా" ఇలాగే కూర్చుంది. ఫోను ద్వారా చెప్పాడు, బస్సు ద్వారా వచ్చాడు, కృషి ద్వారా సాధించాడు. మన అమ్మమ్మ ఫోనులో చెప్పింది, బస్సులో వచ్చింది, కష్టపడి సాధించింది. ఆవిడకి "ద్వారా" అవసరమే రాలేదు.

ఈ చిన్న ముక్కల మీద బొహ్దాన్ ఆంతొనెంకొ-దవీదొవిచ్ అనే రచయిత 1970లో ఒక పుస్తకం అచ్చువేశాడు. పేరుకి అర్థం "మనం ఎలా మాట్లాడుతున్నాం". స్టాలిన్ కాలంలో ఏళ్ల తరబడి నిర్బంధ శిబిరాల్లో గడిపి వచ్చిన మనిషి. అందులో నాకు నచ్చిన పద్ధతి ఏమిటంటే, ఆయన తప్పు, ఒప్పు అని రెండు గళ్లు గీసి ఊరుకోడు. ఈ మాట ఎక్కడ సరిపోతుంది, ఎక్కడ సరిపోదు అని కూర్చోబెట్టి చెబుతాడు. మన తరగతిలో మంచి తెలుగు మాస్టారు చెప్పినట్టే.

మూడో సంగతి అసలు చిక్కు. ఎక్కువ కడిగితే ఏమవుతుంది? దీన్ని ఒక ఉదాహరణతో చూపిస్తాను. ఆ టీచరమ్మ వాళ్ల నాయనమ్మ జ్ఞాపకాల్ని టేపులో పట్టింది, ఇంట్లోవాళ్ల కోసం చిన్న పుస్తకం వేద్దామని. ఆవిడ చిన్నపిల్లగా ఉన్నప్పుడు, యుద్ధం అయిన వెంటనే, ఆ దక్షిణ ప్రాంతంలో 1946లో వానలు లేక కరువు వచ్చింది. టేపులో ఒక చోట ఆవిడ చెప్పింది ఇది. నేను తెలుగులోనే చెబుతాను, అవసరమైన మాట దగ్గర ఆగుతాను: "మాకు తలా రెండు బకెట్లు బంగాళాదుంపలు ఇచ్చారు. మర్నాడు అమ్మ ఆఫీసుకి వెళ్లింది. 'నెదీల్యా తర్వాత రండి, జబ్బు చేసి పెద్దాయన రాలేదు' అన్నారు. మేం ఎదురుచూశాం. అన్నిటికంటే కష్టమైన ఏడు అది."

దీన్ని బాగుచేయడానికి ఆ అమ్మాయి శిష్యుడొకడు, చురుకైన కుర్రవాడు, ఎర్ర పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాడు. బంగాళాదుంపకి ఆవిడ "కర్తోష్క" అంది, అది రష్యన్, "కర్తోప్ల్యా" చేశాడు. సరే. "మర్నాడు"లో "స్లీదుయుచియ్" ఉంది, మార్చాడు. సరే. "అన్నిటికంటే కష్టమైన" అనడానికి ఆవిడ రష్యన్ పద్ధతిలో విడిగా "సామియ్" అనే మాట చేర్చింది. ఉక్రేనియన్‌లో దానికి "నయ్" అనే ముక్క మాట ముందు అతుక్కుంటుంది. మార్చాడు, అదీ సరే. జబ్బు చేసి అనే చోట "పొ" ఉంది, "చేరెజ్" చేశాడు. బాగుంది.

అక్కడితో ఆగలేదు. "తలా రెండు బకెట్లు" దగ్గరా "పొ" కనబడింది. దాన్నీ కొట్టేశాడు. అది పొరపాటు. తలా ఇన్ని అని పంచేటప్పుడు "పొ" అనేది ఉక్రేనియన్ సొంత వాడుకే. అది కొట్టేస్తే ఇంటిల్లిపాదికీ కలిపి రెండే బకెట్లు ఇచ్చారన్న అర్థం వస్తుంది. కరువు కథలో అది చిన్న తేడా కాదు. తర్వాత "ఎదురుచూశాం" అనే చోట ఆవిడ "జ్దాతి" అనే క్రియ వాడింది. రష్యన్‌లోనూ అలాంటిదే ఉంది గదా అని కుర్రవాడు దాన్ని "చెకాతి" చేశాడు. "జ్దాతి" కూడా ఉక్రేనియన్ మాటే, పాత పాటల నుంచీ ఉంది. రెండు భాషలకూ ఒకే తల్లి నుంచి వచ్చింది. రష్యన్‌లా వినబడినంత మాత్రాన ఒక మాట రష్యన్ నుంచి వచ్చినట్టు కాదు. ఇదీ అక్కచెల్లెళ్ల భాషలతో వచ్చే ఇబ్బంది.

మరి ఎలా తెలుసుకోవడం? ఆ అమ్మాయి చేసే పద్ధతి ఇది. అనుమానం వచ్చిన మాటను పాత నిఘంటువులో చూస్తుంది. 1924 నుంచి 1933 వరకు కీవ్‌లో అహతాన్హెల్ క్రిమ్‌స్కీ, సెర్హియ్ యెఫ్రేమొవ్ పర్యవేక్షణలో ఒక పెద్ద రష్యన్-ఉక్రేనియన్ నిఘంటువు వచ్చింది. పూర్తికాకుండానే ఆగిపోయింది. భాషను రష్యన్‌కు దగ్గరగా జరపడం మొదలవక ముందు సేకరించిన మాటలు అందులో ఉన్నాయి కాబట్టి దానికి విలువ. అక్కడ దొరికితే మాటను ఉంచుతుంది. దొరక్కపోతే రష్యన్ ప్రభావం తక్కువగా ఉండిన పడమటి పల్లెల్లో ఏమంటారో ఆరా తీస్తుంది. అప్పటికీ తేలకపోతే చెప్పినవాళ్లనే అడుగుతుంది. "నెదీల్యా" దగ్గర అలాగే అడగవలసి వచ్చింది. ఎందుకంటే పాత ఉక్రేనియన్‌లో వారాన్ని కూడా "నెదీల్యా" అనేవారు. ఆఫీసువాళ్లు రమ్మన్నది వారం తర్వాతా, ఆదివారం దాటాకా అని అడిగితే, పెద్దావిడ వేళ్ల మీద రోజులు లెక్కపెట్టి, "వారం. ఏడు రోజులు. నాకు గుర్తు లేకపోవడమేమిటి" అంది.

ఇంకో సరదా విషయం. ఇంటి కప్పుకి సుర్జిక్‌లో "క్రీషా" అంటారు, అది రష్యన్. శుద్ధమైనది "దాఖ్". ఆ "దాఖ్" జర్మన్ నుంచి పోలిష్ మీదుగా వచ్చింది! సీసాకి శుద్ధమైన మాట "ప్ల్యాష్కా", అదీ ఆ దారినే వచ్చింది. కాబట్టి శుద్ధం అంటే పరాయి రక్తం లేనిది అని అర్థం కాదు. మనకూ "రోజు" పర్షియన్ నుంచి, "మేస్త్రీ" పోర్చుగీసు నుంచి వచ్చాయి. తీసేద్దామా? ఆ మాట మనవాళ్ల మధ్య ఇమిడిపోయిందా, సొంత మాటను తొక్కి కూర్చుందా అన్నదే చూడాలి. ఈ ప్రశ్నకు నిఘంటువు సగం జవాబే చెబుతుంది, మిగతా సగం చెవి చెప్పాలి.

కొన్నిచోట్ల అసలు కడగనే కూడదు. మిఖాయ్లొ స్తారీత్స్కీ 1883లో రాసిన "రెండు కుందేళ్ల వెంట" అనే నాటకం అక్కడ అందరికీ తెలుసు. అందులో కీవ్‌లో దివాలా తీసిన ఒక మంగలి, పెద్దమనిషిలా కనబడటానికి వచ్చీరాని రష్యన్ కలిపి మాట్లాడుతూ డబ్బున్న పిల్లకు వల వేస్తాడు. మన గిరీశం గుర్తుకొచ్చాడు కదూ? "కన్యాశుల్కం" 1892లో ప్రదర్శించారు. రెండు నాటకాలకూ మధ్య తొమ్మిదేళ్లే. గిరీశం ఇంగ్లీషు ముక్కలన్నీ చక్కటి తెలుగు చేసేస్తే గిరీశం మిగలడు, మర్యాదస్తుడొకడు మిగులుతాడు. ఆ ఉక్రేనియన్ నాటకాన్ని 1961లో సినిమా తీశారు. సోవియట్ కాలమంతా జనం ఎక్కువగా చూసింది దాని రష్యన్ డబ్బింగే. అందరూ రష్యనే మాట్లాడితే, వచ్చీరాని రష్యన్‌తో గొప్పలకు పోయేవాడిలో నవ్వేముంటుంది? అసలు ఉక్రేనియన్ ధ్వని ఉన్న ప్రతి 2013లో మారియుపోల్‌లో దొరికింది.

ఆ టీచరమ్మ ఇవన్నీ దృష్టిలో పెట్టుకుని ఒక నియమం పెట్టుకుంది. నాయనమ్మ తనంతట తాను చెబుతున్న కథనాన్ని శుద్ధమైన ఉక్రేనియన్‌లోకి తెచ్చింది, మునిమనవలు బడి భాషతో చదువుకోవాలి కాబట్టి. టేపును మాత్రం చెరపలేదు, విడిగా దాచింది. ఇందులో నాకు కొంత అభ్యంతరం ఉండేది. ఆవిడ గొంతు అచ్చులో పోతుందిగదా అని వాదించాను. "నీకు సరదాగా ఉంటుంది, మా నాయనమ్మని మాత్రం ఆ మాటలకే కార్యాలయాల్లో నవ్వేవారు. అచ్చులో కూడా నవ్వించమంటావా?" అని అడిగింది. దానికి నా దగ్గర సమాధానం లేదు.

అచ్చుకి ఇచ్చేముందు ప్రతిని పెద్దావిడకి చదివి వినిపించారు. అంతా విని బాగుందంది. ఒక్క చోట ఆపింది. ఆఫీసువాళ్లు అమ్మతో అన్న మాటను మనవరాలు దిద్ది "తిజ్దెన్" అని రాసింది. "వాడు అలా అనలేదు. నెదీల్యా అన్నాడు. వాడి మాట వాడికే ఉంచు" అంది. కొటేషన్ గుర్తుల మధ్య ఉన్నవన్నీ వెనక్కి మార్చి, ఎవరు ఏ భాషలో అన్నారో ఆ భాషలోనే అచ్చువేశారు. నా దగ్గర ఒక ప్రతి ఉంది. తెలుగులోకి తెస్తున్నాను. ఆ ఆఫీసు మనిషి మాట దగ్గర ఇంకా ఆగి ఉన్నాను. అలాంటి కచేరీ తెలుగు మన ప్రాంతంలో ఎలా ఉండేదో ఇక్కడున్న పెద్దలెవరికైనా గుర్తుంటే, భోజనాల దగ్గర నాకు చెప్పండి.